అక్యుమ్యులేటర్‌లో ఒక లెగ్ రద్దయితే, మరొకటి డెడ్ హీట్ అయితే చేతికి ఎంత రావాలి?

"స్లిప్పు మీద 472 పౌండ్ల 50 పెన్నీలు అని చూపించింది. ఒక్క లెగ్ కూడా ఓడలేదు. ఖాతాలో మాత్రం 112 పౌండ్ల 50 పెన్నీలే పడ్డాయి. మోసమేనా?" బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువారు అంకెలు మార్చి మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. అక్యుమ్యులేటర్ అంటే కొన్ని బెట్లను గొలుసులా కలిపి కట్టే ఒకే బెట్, అందులోని ఒక్కో బెట్ ఒక లెగ్. చాలాసార్లు మోసం ఉండదు. ఒక లెగ్ రద్దయి ఉంటుంది, లేదా ఒక గుర్రం ఇంకో గుర్రంతో సమానంగా గీత దాటి ఉంటుంది, లేదా ఆ రెండూ ఒకే స్లిప్పులో జరిగి ఉంటాయి. బుక్‌మేకర్ లెక్క తప్పిన సందర్భాలూ లేకపోలేదు. ఏది ఏదో తేల్చుకోవడానికి మీరే లెక్క వేసుకునే పద్ధతి కింద ఉంది. పై అంకెలనే చివరిదాకా వాడుకుందాం.

మొదలుపెట్టే ముందు రెండు మాటలు. ఇది బ్రిటన్‌లో లైసెన్సు ఉన్న బుక్‌మేకర్ల దగ్గర స్థిరమైన ఆడ్స్‌కు పెట్టే బెట్ల లెక్క. భారతదేశంలో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో అంతకు ముందు నుంచే నిషేధం ఉంది. రెండో మాట, మలక్‌పేట రేసుల్లో టోట్ టికెట్టు కొన్నవారు ఈ లెక్కను దానికి పెట్టకండి. టోట్‌లో పోగైన మొత్తాన్ని పంచుతారు. అక్కడ డెడ్ హీట్ లెక్క వేరు.

దగ్గర ఉంచుకోవలసినవి

- సెటిల్ అయిన బెట్ స్లిప్పు. ఒక్కో లెగ్ ఫలితం విడివిడిగా కనిపించేది కావాలి. మొత్తం మాత్రమే చూపే పేజీ సరిపోదు.
- ఒక్కో లెగ్‌కు మీరు తీసుకున్న ఆడ్స్. వీలైతే 4/1, 6/4 లాంటి భిన్నం రూపంలో.
- సమానంగా నిలిచింది ఎందరు, ఏ స్థానంలో అన్న వివరం. దీన్ని స్లిప్పు చెప్పదు. ఆ పోటీ అధికారిక ఫలితంలో చూడాలి.
- గుర్రప్పందెం అయితే, ఆ రేసులో ఆఖరి నిమిషంలో తప్పుకున్న గుర్రం ఏదైనా ఉందా అన్న సమాచారం.
- మీ బుక్‌మేకర్ నియమాల పేజీ.
- మామూలు క్యాలిక్యులేటర్.

1. ఒక్కో లెగ్‌కు ఏం జరిగిందో ముందు తేల్చండి

అంకెల జోలికి పోకముందే ప్రతి లెగ్ పక్కన ఒక మాట రాయండి: గెలుపు, ఓటమి, రద్దు, డెడ్ హీట్. ఎక్కడైనా ఓటమి అని రాయవలసి వస్తే పని అక్కడితో ముగిసింది. మిగతావి రద్దయినా, గెలిచినా అక్యుమ్యులేటర్ మొత్తం పోయినట్టే. ఒకటి రద్దయింది కాబట్టి పందెం సొమ్ములో కొంత భాగమైనా వెనక్కి వస్తుందని కొందరు ఎదురుచూస్తారు. రాదు.

తేలిగ్గా కనిపించినా ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఈ మెట్టులోనే. ఏది రద్దు, ఏది ఓటమి అన్నది మనకు అనిపించే న్యాయాన్ని బట్టి ఉండదు, నియమాన్ని బట్టి ఉంటుంది. మూడు సందర్భాలు చెబుతాను.

మొదటిది, పరుగెత్తని గుర్రం. రేసు రోజున బెట్ పెట్టాక మీ గుర్రం తప్పుకుంటే ఆ లెగ్ రద్దు. కానీ ఎప్సమ్ డెర్బీకో గ్రాండ్ నేషనల్‌కో వారాల ముందే యాంటీ పోస్ట్ ధరకు బెట్ పెట్టి ఉంటే, గుర్రం పరుగెత్తకపోయినా మీరు ఓడినట్టే. అంత ముందుగా ఎక్కువ ధర ఇచ్చేది ఆ ప్రమాదం మీ మీద ఉంటుందనే. 'నాన్ రన్నర్ నో బెట్' అని స్పష్టంగా ఉన్న బెట్లకు మాత్రం మినహాయింపు. స్లిప్పులో ఓటమి అని చూసి గొడవకు దిగేముందు ఆ లెగ్ ఎప్పుడు, ఏ షరతు మీద పెట్టారో చూసుకోండి.

రెండోది, టెన్నిస్‌లో ఆటగాడు మధ్యలో తప్పుకోవడం. ఒక సెట్టు పూర్తయితే బెట్ నిలుస్తుందనే బుక్‌మేకర్లు ఉన్నారు, మ్యాచ్ మొత్తం పూర్తి కాకపోతే రద్దు అనేవారూ ఉన్నారు. ఇద్దరు స్నేహితులు ఒకే మ్యాచ్ మీద వేర్వేరు చోట్ల పెడితే ఒకరికి గెలుపు, మరొకరికి రద్దు రావచ్చు. రెండూ సరైనవే. వాయిదా పడిన ఫుట్‌బాల్ మ్యాచ్ సంగతీ అంతే. ఎంతకాలంలోపు మళ్లీ ఆడితే బెట్ నిలుస్తుందన్నది ఒక్కొక్కరి దగ్గర ఒక్కోలా ఉంటుంది.

మూడోది గోల్ఫ్. ఇద్దరిలో ఎవరు తక్కువ కొడతారన్న బెట్‌లో ఇద్దరూ సమానమైతే, సమానానికి విడిగా ధర ఇవ్వకపోయి ఉంటే, సాధారణంగా రద్దు చేస్తారు. విడిగా ధర ఇచ్చి ఉంటే మీరు ఓడినట్టు. ముగ్గురి మధ్య బెట్ అయితే సాధారణంగా డెడ్ హీట్ లెక్క వేస్తారు. ఆట ఒకటే, ఫలితం ఒకలాంటిదే, లెక్కలు మాత్రం మూడు.

ఒకే మ్యాచ్‌లోని సంఘటనలను కలిపి కట్టే 'బెట్ బిల్డర్' స్లిప్పుకు ఈ వ్యాసంలోని పద్ధతి పనిచేయదు. దాని ధర విడి ధరల గుణకారం కాదు. అందులో ఒకటి రద్దయితే కొందరు మొత్తం బెట్‌నే రద్దు చేస్తారు, కొందరు మిగిలిన వాటికి కొత్త ధర కడతారు. దానికి నియమాల పేజీ ఒక్కటే దారి.

మన ఉదాహరణ ఇది. పందెం సొమ్ము 10 పౌండ్లు, నాలుగు లెగ్‌లు.

- మొదటి లెగ్: ఫుట్‌బాల్ మ్యాచ్‌లో సొంత మైదానం జట్టు, 4/5. గెలుపు.
- రెండో లెగ్: టెన్నిస్ మ్యాచ్, 11/10. ఆటగాడు మొదటి సెట్టులోనే తప్పుకున్నాడు. రద్దు.
- మూడో లెగ్: గుర్రం, 4/1. మరో గుర్రంతో కలిసి మొదటి స్థానం. డెడ్ హీట్.
- నాలుగో లెగ్: ఇంకో రేసులో గుర్రం, 6/4. గెలుపు.

2. ఆడ్స్ అన్నిటినీ దశాంశంలోకి మార్చండి

భిన్నాన్ని భాగించి 1 కలపండి. 4/5 అంటే 0.80కి 1 కలిపి 1.80. 11/10 అంటే 2.10. 4/1 అంటే 5.00. 6/4 అంటే 2.50. ఆ కలిపే 1 మీ పందెం సొమ్ము. దాన్ని మరిచిపోతే తరువాతి మెట్లన్నీ తప్పుతాయి. డెడ్ హీట్ దగ్గర ఈ 1 ఎంత పని చేస్తుందో చూస్తారు.

తెర మీద కనిపించే దశాంశం కంటే భిన్నాన్ని నమ్మండి. 11/8 అంటే 2.375, తెర మీద 2.38 అని ఉండవచ్చు. 8/13 అంటే 1.61538 అలా సాగుతుంది, తెర మీద 1.62 చాలు అంటుంది. నాలుగైదు లెగ్‌లు గుణించాక ఈ చిన్న తేడాలు పౌండ్లలోకి వెళ్తాయి.

3. రద్దయిన లెగ్‌కు 1 వేయండి

రద్దయిన లెగ్ ధర 1.00. అంతే. దానికి 0 వేస్తే మొత్తం సున్నా అవుతుంది. అది ఓటమికి వేసే అంకె. లెగ్‌ను స్లిప్పు నుంచి చెరిపేసినా ఫలితం అదే: నాలుగు లెగ్‌ల బెట్ మూడు లెగ్‌ల బెట్ అవుతుంది, డబుల్ అయితే సింగిల్ అవుతుంది. అన్ని లెగ్‌లూ రద్దయితే పెట్టిన సొమ్ము పెట్టినట్టు తిరిగి వస్తుంది.

పందెం సొమ్ము మారదన్నది గుర్తుంచుకోండి. 10 పౌండ్లను నాలుగు లెగ్‌లకు రెండున్నర చొప్పున పంచినట్టు ఊహించుకుని, రద్దయిన దానికి రెండున్నర వెనక్కి ఇమ్మని అడిగేవారు ఉన్నారు. అక్యుమ్యులేటర్‌లో అలాంటి పంపకం లేదు. 10 పౌండ్లు మొత్తంగా మొదటి లెగ్ మీద ఉంటాయి. అక్కడ వచ్చినదంతా రెండో దాని మీదికి వెళ్తుంది.

ఇక్కడిదాకా, అంటే డెడ్ హీట్ లేకుండా రద్దు ఒక్కటే ఉంటే, లెక్క ఇలా ఉండేది:

```
10 × 1.80 × 1 × 5.00 × 2.50 = 225.00
```

స్లిప్పు మొదట చూపించిన 472.50లో సగానికి పైగా ఈ ఒక్క రద్దుతోనే పోయింది. 472.50ని రద్దయిన లెగ్ ధర 2.10తో భాగించండి, 225 వస్తుంది. తొందరలో ఉన్నప్పుడు ఈ అడ్డదారి చాలు.

ఒక హెచ్చరిక. 'నాలుగు లెగ్‌లకు పైన అయితే గెలుపు మీద ఇంత శాతం అదనం' అనే బోనస్ మీ స్లిప్పుకు ఉంటే, రద్దయిన లెగ్‌ను సాధారణంగా ఆ లెక్కలోకి తీసుకోరు. నాలుగు కాస్తా మూడైతే బోనస్ తగ్గవచ్చు, పూర్తిగా పోనూ వచ్చు. మీ లెక్కకు, ఖాతాలో పడిన దానికి తేడా సరిగ్గా ఆ బోనస్ అంతే ఉంటే కారణం దొరికినట్టే.

4. డెడ్ హీట్ లెగ్ ధరను తగ్గించండి

డెడ్ హీట్ అంటే గెలుపు ఒకరికంటే ఎక్కువ మందికి దక్కడం. ఇది కొత్తదేమీ కాదు. 1884 ఎప్సమ్ డెర్బీలో సెయింట్ గేటియన్, హార్వెస్టర్ అనే రెండు గుర్రాలను విడదీయలేక ఇద్దరికీ గెలుపు ఇచ్చారు. నియమం ఇది: మీ పందెం సొమ్మును సమానంగా నిలిచినవారి సంఖ్యతో భాగిస్తారు. ఒక భాగం పూర్తి ధరకు గెలుస్తుంది. మిగతా భాగాలు ఓడిపోతాయి.

మన మూడో లెగ్‌కు వచ్చేసరికి చేతిలో 18 పౌండ్లు ఉన్నాయి (10ని 1.80తో గుణిస్తే 18, టెన్నిస్ రద్దు కాబట్టి అదే 18). రెండు గుర్రాలు సమానం. 9 పౌండ్లు 4/1 ధరకు గెలిచాయి, అంటే 45 పౌండ్లు. ఇంకో 9 పౌండ్లు పోయాయి. చేతిలో 45. ఇంత పొడుగ్గా రాయకుండా, దశాంశ ధరనే 2తో భాగించవచ్చు: 5.00లో సగం 2.50. 18ని 2.50తో గుణిస్తే అదే 45.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు ఇక్కడే. "డెడ్ హీట్ అంటే సగం ధర, 4/1లో సగం 2/1" అనుకుంటారు. 2/1 అంటే దశాంశంలో 3.00. అలా అయితే మొత్తం 135 పౌండ్లు వస్తుంది, బుక్‌మేకర్ ఇచ్చిన దానికంటే 22 పౌండ్ల 50 పెన్నీలు ఎక్కువ. ఈ తేడా చూపించి ఫిర్యాదు చేసేవారు చాలామంది. కానీ లాభాన్ని సగం చేయడం కాదు నియమం, పందెం సొమ్మునే సగం చేయడం. ఓడిన సగం భాగంలో మీ సొమ్ము కూడా పోతుంది. అందుకే ముందు 1 కలపాలి, ఆ తరువాతే భాగించాలి.

దీని నుంచి ఇంకో చేదు నిజం బయటపడుతుంది. దశాంశ ధర 2.00 కంటే తక్కువ ఉన్న గుర్రం ఇంకొకదానితో డెడ్ హీట్ అయితే, ఆ లెగ్ గెలిచినా మీ సొమ్ము తగ్గుతుంది. 4/5 ధర గుర్రం అయితే 1.80లో సగం 0.90. స్లిప్పు మీద గెలిచినట్టు ఆకుపచ్చ గుర్తు ఉంటుంది, మొత్తం మాత్రం పది శాతం తరుగుతుంది. ఇది తప్పు లెక్క కాదు.

సమానంగా నిలిచింది ఇద్దరే కావాలని లేదు. 2018-19 ప్రీమియర్ లీగ్‌లో సలా, మానే, ఒబామెయాంగ్ ముగ్గురూ 22 గోల్స్‌తో గోల్డెన్ బూట్ పంచుకున్నారు. సలా మీద 3/1 ధరకు బెట్ ఉందనుకుంటే, 4.00ని 3తో భాగించగా 1.33. యూరో 2024లో ఆరుగురు మూడేసి గోల్స్‌తో సమానంగా నిలిచారు, హ్యారీ కేన్ వారిలో ఒకడు. అతని మీద 5/1కు పెట్టినవారు ఉన్నారనుకుందాం. 6.00ని 6తో భాగిస్తే 1.00. టాప్ స్కోరర్‌ను సరిగ్గా చెప్పి కూడా, లెగ్ రద్దయితే ఎంత వచ్చేదో అంతే! అంతకంటే తక్కువ ధర తీసుకున్నవారికి నష్టం.

ఇలాంటి బెట్లలో 'టాప్ స్కోరర్' అంటే బుక్‌మేకర్ ఏమంటున్నాడో చూడాలి. 2010 ప్రపంచకప్‌లో ముల్లర్, విల్లా, స్నైడర్, ఫోర్లాన్ నలుగురూ ఐదేసి గోల్స్ కొట్టారు. గోల్ అందించిన పాస్‌ల లెక్క చూసి ఫిఫా గోల్డెన్ బూట్‌ను ముల్లర్‌కు ఇచ్చింది. గోల్స్ మాత్రమే చూస్తామనే బుక్‌మేకర్ దగ్గర ఇది నలుగురి డెడ్ హీట్. అధికారిక బహుమతినే చూస్తామనే చోట ముల్లర్ ఒక్కడిదే గెలుపు. అలాగే క్రికెట్‌లో జట్టు టాప్ బ్యాటర్ బెట్‌కు, ఇద్దరు ఒకే పరుగులు చేస్తే, సాధారణంగా డెడ్ హీటే. ఎవరు తక్కువ బంతుల్లో చేశారన్నది లెక్కలోకి రాదు.

*ఒకటి కంటే ఎక్కువ స్థానాలకు డబ్బు ఇచ్చే బెట్లలో*

గోల్ఫ్‌లో 'టాప్ 5లో ముగింపు' లాంటి బెట్‌కు ఇంకో అంకె కూడా కావాలి: సమానంగా నిలిచినవారు ఆక్రమించిన స్థానాల్లో డబ్బు ఇచ్చేవి ఎన్ని. వీటినే మిగిలిన స్థానాలు అందాం. సూత్రం ఇలా మారుతుంది:

```
లెగ్ ధర = దశాంశ ధర × మిగిలిన స్థానాలు ÷ సమానంగా నిలిచినవారు
```

మీ ఆటగాడు ఇంకో ఇద్దరితో కలిసి నాలుగో స్థానంలో ఉన్నాడనుకుందాం. ముగ్గురూ కలిసి నాలుగు, ఐదు, ఆరు స్థానాలను ఆక్రమించారు. డబ్బు ఇచ్చేది ఐదో స్థానం వరకే. కాబట్టి ముగ్గురికి మిగిలినవి రెండు స్థానాలు. ధర 7/2 అయితే, దశాంశంలో 4.50. దాన్ని 2తో గుణించి 3తో భాగిస్తే 3.00.

అదే నాలుగో స్థానంలో ఇద్దరే ఉంటే నాలుగు, ఐదు రెండూ వారివే. ఇద్దరికి రెండు స్థానాలు. కోత లేదు, పూర్తి ధర రావాలి. సమానం అన్న మాట వినగానే సగానికి కోసుకోకండి. ఎదురు కొసన, ఐదో స్థానంలో ఆరుగురు ఇరుక్కుంటే ఒక్క స్థానాన్ని ఆరుగురు పంచుకోవాలి: 4.50 కాస్తా 0.75 అవుతుంది. ఇంకో సంగతి, గోల్ఫ్‌లో టోర్నమెంట్ విజేత మీద బెట్‌కు ఇది రాదు. అక్కడ ప్లేఆఫ్ ఆడించి ఒకరిని తేలుస్తారు.

5. గుర్రాల లెగ్‌లకు రూల్ 4 చూడండి

మీ గుర్రం కాకుండా, అదే రేసులో వేరే గుర్రం ఆఖరి వేళ తప్పుకుంటే మీ గెలుపులో కొంత కోత పడుతుంది. టాటర్సాల్స్ రూల్ 4 అంటారు. పోటీ తగ్గింది కాబట్టి మీరు ముందే తీసుకున్న ధర ఇప్పుడు ఎక్కువైంది అన్నది దాని తర్కం. తప్పుకున్న గుర్రం ధరను బట్టి కోత ఉంటుంది: దాని ధర 5/2 నుంచి 3/1 మధ్య ఉంటే పౌండుకు 25 పెన్నీలు, 6/1 నుంచి 9/1 మధ్య ఉంటే 10 పెన్నీలు, 14/1కి మించితే కోత లేదు. గుర్రం తప్పుకున్నాక కొత్త ధరలకు బెట్ పెట్టినవారికి ఇది వర్తించదు.

డెడ్ హీట్‌కు పూర్తిగా తిరగబడిన లెక్క ఇది. రూల్ 4 లాభానికి మాత్రమే తగులుతుంది, పందెం సొమ్మును ముట్టదు. రెండూ ఒకే లెగ్‌కు తగిలితే ముందు లాభాన్ని కోయండి, తరువాత 1 కలపండి, ఆ తరువాత భాగించండి. మన 4/1 గుర్రం రేసులో 3/1 గుర్రం ఒకటి తప్పుకుని ఉంటే: 4లో 25 శాతం పోగా 3. 1 కలిపితే 4.00. రెండుతో భాగిస్తే 2.00. అప్పుడు మొత్తం 112.50కి బదులు 90 పౌండ్లు వస్తుంది. మన ఉదాహరణలో ఎవరూ తప్పుకోలేదు కాబట్టి ఈ మెట్టు దాటేద్దాం.

6. గుణించండి

```
10 × 1.80 × 1 × (5.00 ÷ 2) × 2.50 = 112.50
```

ఖాతాలో పడింది ఇంతే. లెక్క సరిపోయింది. ఇందులో మీ 10 పౌండ్లు కూడా ఉన్నాయి, అంటే లాభం 102 పౌండ్ల 50 పెన్నీలు. ఫ్రీ బెట్‌తో ఆడి ఉంటే సాధారణంగా ఆ 10 మీకు ఇవ్వరు, 102.50 మాత్రమే పడుతుంది. తేడా సరిగ్గా పందెం సొమ్ము అంతే ఉంటే ముందుగా అనుమానించవలసింది దీన్నే.

మధ్యలో ఎక్కడా పెన్నీలను సవరించకండి. చివర ఒక్కసారి సవరిస్తే చాలు.

తరచూ చూసుకునేవారు స్ప్రెడ్‌షీటులో పెట్టుకోవచ్చు. B1 గడిలో పందెం సొమ్ము. 3వ వరస నుంచి ఒక్కో లెగ్‌కు B గడిలో దశాంశ ధర, C గడిలో మిగిలిన స్థానాలు, D గడిలో సమానంగా నిలిచినవారు. మామూలు గెలుపుకు C, D రెండూ 1. రద్దుకు B, C, D మూడూ 1. ఓటమికి B గడిలో 0, C, D రెండూ 1. ఈ కింది వాటిలో మొదటి సూత్రాన్ని E3లో రాసి కిందికి లాగండి, రెండోది మొత్తం కోసం.

```
=B3*C3/D3
=ROUND(B1*PRODUCT(E3:E6),2)
```

7. ఈచ్ వే అయితే రెండు లెక్కలు వేయండి

ఈచ్ వే అక్యుమ్యులేటర్ అంటే ఒక స్లిప్పులో రెండు బెట్లు: అన్నీ గెలవాలన్నది ఒకటి, అన్నీ స్థానాల్లోకి రావాలన్నది ఇంకొకటి. వాటిని ఎక్కడా కలపకూడదు. రద్దయిన లెగ్ రెండు లెక్కల్లోనూ 1 అవుతుంది. డెడ్ హీట్ మాత్రం రెండిటినీ ఒకేలా తాకదు.

ఒక డబుల్ చూద్దాం, వైపుకు 5 పౌండ్లు. మొదటి గుర్రం 4/1, మొదటి స్థానానికి డెడ్ హీట్. రెండోది 10/1, మూడో స్థానానికి ఇంకో గుర్రంతో డెడ్ హీట్. రెండు రేసుల్లోనూ మూడు స్థానాలకు ఐదో వంతు ధర ఇస్తున్నారు. గెలుపు వైపు 5 పౌండ్లు పోయాయి, రెండోది గెలవలేదు కాబట్టి. స్థానం వైపు చూస్తే, మొదటి గుర్రానికి కోత లేదు: సమానంగా నిలిచిన ఇద్దరూ మొదటి రెండు స్థానాల్లోనే ఉన్నారు, మూడింటిలోపే. 4/1లో ఐదో వంతు 0.80, ఒకటి కలిపి 1.80, పూర్తిగా. రెండో గుర్రానికి మిగిలింది ఒక్క స్థానం, పంచుకునేది ఇద్దరు: 10/1లో ఐదో వంతు 2, ఒకటి కలిపి 3.00, సగం 1.50. చేతికి వచ్చేది 5 × 1.80 × 1.50, అంటే 13 పౌండ్ల 50 పెన్నీలు.

గెలుపు వైపు సగం అయింది కదా అని స్థానం వైపు కూడా సగం చేస్తారు చాలామంది. బుక్‌మేకర్ అలా చేసి ఉంటే మాత్రం వదలకండి, అది నిజంగా తప్పే. ఇంకో చోట జాగ్రత్త: ఎనిమిది గుర్రాల రేసులో ఒకటి తప్పుకుని ఏడు మిగిలితే, స్థానాలు మూడు నుంచి రెండుకు తగ్గిపోవడం మామూలు. మూడో స్థానంలో వచ్చిన మీ గుర్రానికి డబ్బు రాకపోతే కారణం అదేమో చూడండి.

8. సరిపోయిందో లేదో వెనక నుంచి చూడండి

ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి లెక్కించి రెండూ కలిస్తేనే నమ్మండి. వెనక నుంచి అంటే, స్లిప్పు మొదట చూపించిన మొత్తంతో మొదలుపెట్టడం. 472.50ని రద్దయిన లెగ్ ధర 2.10తో భాగిస్తే 225. దాన్ని సమానంగా నిలిచినవారి సంఖ్య 2తో భాగిస్తే 112.50. గెలుపు బెట్లకు రూల్ 4 లేనంతవరకూ ఇది కచ్చితంగా కలవాలి.

కలవకపోతే తేడా పరిమాణమే చాలావరకు కారణం చెబుతుంది. కొన్ని పెన్నీలైతే దశాంశాల సవరింపు. సరిగ్గా పందెం సొమ్ము అయితే ఫ్రీ బెట్. గుర్రాల లెగ్ ఉండి, మీకంటే వారి మొత్తం 5, 10, 15, 20 శాతాల దరిదాపుల్లో తక్కువైతే రూల్ 4. వారి మొత్తం మీ దాంట్లో సరిగ్గా సగం అయితే మీరు గమనించని డెడ్ హీట్ ఒకటి ఉంది, మూడో వంతు అయితే ముగ్గురు సమానమై ఉంటారు. వారిది మీకంటే ఎక్కువైతే, తీసుకున్న ధర కంటే రేసు మొదలయ్యేనాటి ధర ఎక్కువైనప్పుడు దాన్నే ఇచ్చే హామీ మీ స్లిప్పుకు ఉందేమో చూడండి.

ఇంత చేసినా తేలకపోతే

"లెక్క తప్పు" అని మాత్రమే రాస్తే కస్టమర్ సర్వీసు నుంచి నియమాల పేజీ లింకు తప్ప ఏమీ రాదు. స్లిప్పు సంఖ్య, ఒక్కో లెగ్‌కు మీరు వాడిన ధర, ఏ లెగ్ దగ్గర విడిపోతున్నారో, పోటీ అధికారిక ఫలితంలో ఎందరు సమానమో, వారి నియమాల్లో ఏ వాక్యం మీద ఆధారపడుతున్నారో ఒకే సందేశంలో పెట్టండి. నియమాల పేజీని ఆ రోజే భద్రపరచుకోండి, పేజీలు మారుతుంటాయి. బుక్‌మేకర్ ఫిర్యాదు ప్రక్రియ ముగిసినా, లేదా ఎనిమిది వారాలు గడిచినా తేలకపోతే, బ్రిటన్‌లో ఆ బుక్‌మేకర్ పేర్కొన్న తటస్థ మధ్యవర్తి సంస్థకు వెళ్లవచ్చు. చాలామందికి అది ఇండిపెండెంట్ బెట్టింగ్ అడ్జుడికేషన్ సర్వీస్. ఆటగాళ్ల నుంచి రుసుము తీసుకోరు. గ్యాంబ్లింగ్ కమిషన్‌కు రాయడం వల్ల మీ డబ్బు రాదు, అది విడి బెట్ల తగాదాలు తేల్చే సంస్థ కాదు. మధ్యవర్తి దగ్గరికి వెళ్లేటప్పుడు ఆరో మెట్టులో వేసిన ఒక్క వరస గుణకారాన్ని, బుక్‌మేకర్ వేసిన వరసను ఒకదాని కింద ఒకటి రాసి జత చేయండి.